150 పదాల్లో జోడీ చదువు: బహుళ తరగతి గది మీద సదస్సు సారాంశం ఎలా కుదించాలి?

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు ఒకే గదిలో నా దగ్గరే ఉంటాయి. బాగా చదివే పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు తెలుగు చదవడం నేర్పిస్తున్నాను. దీని మీద ఒక విద్యా సదస్సుకు సారాంశం పంపాలి. తెలుగులో పంపవచ్చన్నారు కానీ 150 పదాలు దాటితే ఆన్‌లైన్ ఫారమే తీసుకోవడం లేదు. నేను రాసింది 300 దాటింది. ఏది చూసినా ముఖ్యమే అనిపిస్తోంది. ఏం తీసేయాలి? ఇలాంటిది రాసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:

టీచర్ గారూ, ముందు నేపథ్యం తీసేయండి, దాదాపు మొత్తం. పిల్లలు ఎలా జతపడ్డారు, చదివేటప్పుడు జతలో ఏం జరిగింది, ఆ సేపు మీరేం చేశారు అన్నవి మాత్రం ఎంత ఇరుకైనా వదలకండి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఇద్దరు టీచర్ల బడిలో పనిచేసినప్పుడు నేనూ ఇదే విషయం మీద, ఇదే 150 పదాల హద్దులో సారాంశం రాశాను. తర్వాత ఇలాంటి సారాంశాలు చదివి ఎంపిక చేసే బృందంలో కూర్చునే అవకాశం కూడా వచ్చింది. ఆ రెండు వైపుల నుంచీ చెబుతున్నాను.

మన టీచర్లం రాసే సారాంశాల్లో సగం పదాలు మొదటి రెండు మూడు వాక్యాలకే అయిపోతాయి. విద్య ప్రాముఖ్యత, విద్యాహక్కు చట్టం, ఉపాధ్యాయుల కొరత, తోటి పిల్లల బోధన చరిత్ర వరుసగా వస్తాయి. చరిత్ర నిజంగా ఆసక్తికరమైనదే, అందులోనూ మనకు దగ్గరిది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ మతాధికారి 1789లో మద్రాసు ఎగ్మోర్‌లోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాడు. దగ్గర్లోని ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ పద్ధతిని తన బడికి తెచ్చి, పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు నేర్పించి, 1797లో లండన్‌లో దాని మీద నివేదిక అచ్చువేశాడు. ఇంగ్లండ్‌లో దానికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది. ఇదంతా పూర్తి పత్రంలో ఒక పేరాగా ఎంతో బాగుంటుంది. సారాంశంలో పెడితే మాత్రం ఎంత కుదించినా పాతిక ముప్పై పదాలు పోతాయి, మీ గది గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. సదస్సుకు వచ్చేవాళ్లకు ఈ చరిత్ర తెలిసే ఉంటుంది. వాళ్లకు తెలియనిది మీ గది.

సమస్యకు ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం కూడా దేశం గురించి కాకుండా గది గురించి ఉండాలి. మూడు తరగతులకు ఒకేసారి చెప్పాల్సినప్పుడు, చదవడం రాని పిల్లల పక్కన కూర్చునే సమయం టీచరుకు దొరకదు. మీ పని మొత్తం పుట్టింది అక్కడే కదా.

ఇక అసలు భాగం పద్ధతి. ఎంపిక బృందంలో ఉన్నప్పుడు నేను గమనించింది ఒకటి చెబుతాను. "పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు నేర్పించాను" అని మాత్రమే రాస్తే, చదివేవాళ్ల మనసులో క్లాస్ లీడరు మెదులుతాడు. టీచరు ఆఫీసు పనిలో ఉంటే, లీడరు బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పించే దృశ్యం అది. మీరు చేసింది అది కాదని తేలేది వివరాల వల్లే. "వినూత్నంగా", "సమర్థవంతంగా", "విద్యార్థి కేంద్రిత" లాంటి మాటలు ఎన్ని పేర్చినా ఆ దృశ్యం పోదు. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం తయారుచేసిన కార్డుల నిచ్చెన పద్ధతిలో కూడా తోటి పిల్లల సాయంతో నడిచే గుంపులు ఉంటాయి. మీరు ఆ కార్డులనే వాడుతుంటే ఆ మాట చెప్పండి, లేకపోతే దాని ఊసు అక్కర్లేదు.

వివరాల్లో మొదటిది జతలు. నా గదిలో 21 మంది. కథ చదవగలిగినవాళ్లు 4, 5 తరగతుల్లో 11 మంది ఉన్నారు. 3వ తరగతి పిల్లలు 8 మంది, 4వ తరగతి పిల్లలు ఇద్దరు ఆ స్థాయికి ఇంకా రాలేదు. చదవగలిగినవాళ్లను బాగా చదివేవాళ్ల నుంచి కిందికి ఒక వరుసగా, నేర్చుకోవాల్సినవాళ్లను కూడా అలాగే పై నుంచి కిందికి మరో వరుసగా రాసుకున్నాను. మొదటివారికి మొదటివారు, రెండోవారికి రెండోవారు, అలా పది జతలు. మిగిలిన ఒకరు ఎవరు బడికి రాకపోతే వాళ్ల స్థానంలో కూర్చుంటారు. అందరికన్నా బాగా చదివే బిడ్డను అందరికన్నా వెనకబడిన బిడ్డకు ఇవ్వాలనే మనసుకు తోస్తుంది. కానీ మధ్య దూరం మరీ ఎక్కువైతే పెద్ద బిడ్డకు విసుగొస్తుంది, ప్రతి పదం తనే చెప్పేస్తుంది, చిన్న బిడ్డ నోటితో అనడం తప్ప కంటితో చదవడం ఉండదు. వరుసల పద్ధతిలో అన్ని జతల మధ్యా దూరం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఈ ఏర్పాటంతటికీ సారాంశంలో పది పదాలు సరిపోయాయి.

రెండోది, చిన్న బిడ్డ ఆగిపోయినప్పుడు పెద్ద బిడ్డ ఏం చేయాలి అన్నది. ఇది రాయని సారాంశాలే ఎక్కువ, జోడీ చదువు ప్రాణం మాత్రం ఇందులోనే ఉంది. కీత్ టాపింగ్ లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చిన జత పఠనం పద్ధతిలో నియమం చాలా సులువు. నాలుగైదు సెకన్లు ఆగాలి, అప్పటికీ రాకపోతే పదం చెప్పాలి, చిన్న బిడ్డ ఆ పదాన్ని తిరిగి అని ముందుకు సాగాలి. నేను దానికి ఒకటి చేర్చాను. పదం చెప్పాక వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదివించమన్నాను. లేకపోతే అర్థం ముక్కలైపోతోంది. పిల్లలకు సెకన్లు తెలియవు కాబట్టి మనసులో ఐదు లెక్కపెట్టమన్నాను. మొదలుపెట్టే ముందు కొన్నాళ్లు పెద్ద పిల్లలకు దీన్ని నేర్పాను. నేను తడబడుతున్నట్టు చదివితే వాళ్లు లెక్కపెట్టుకుని, ఆగి, చెప్పేవాళ్లు. ఇది సారాంశంలో ఒకే వాక్యం. ఎంపిక బృందంలో అందరూ గుర్తుపెట్టుకునేది ఆ వాక్యమే.

మూడోది, జతలు రోజూ చదివే ఆ ఇరవై నిమిషాలు టీచరు ఎక్కడున్నారు అన్నది. నేను రోజుకు రెండు జతల పక్కన కూర్చుని, ఏ పదాల దగ్గర ఆగుతున్నారో నోటుబుక్కులో రాసుకునేవాడిని. వారానికి ఐదు రోజులు అలా కూర్చుంటే పది జతలూ ఒకసారి పూర్తవుతాయి. జత చెడిందని తెలిసేది ఆ నోటుబుక్కులోనే. చిన్న బిడ్డ చూపు పుస్తకం మీద కాకుండా పెద్ద బిడ్డ పెదాల మీద ఉంటే, వేలు ఒక పదం మీద ఉండగా నోరు మరో పదం అంటుంటే, అక్కడ చదవడం జరగడం లేదు, అప్పజెప్పడం జరుగుతోంది. అన్నాచెల్లెళ్ల జతలో ఇంట్లో తగాదా బడికి వస్తుంది. అలాంటి జతలను మార్చాను. ఈ వివరాలకు సారాంశంలో చోటుండదు, కానీ వాటిని సదస్సులో చెబుతారని ఒక మాట వేసి ఉంచాలి. వినడానికి జనం వచ్చేది దానికోసమే.

ఫలితాల దగ్గర మన పిల్లల సంఖ్య చిన్నది కాబట్టి శాతాలు వద్దు. తొమ్మిది మందిలో ఏడుగురు అంటే అందరికీ అర్థమవుతుంది. 77.8 శాతం అంటే అంకె పెద్దదిగా, పని అనుమానంగా కనిపిస్తుంది. కొలిచిన సాధనం పేరు తప్పకుండా రాయండి. నేను అసర్ వాళ్ల పఠన సాధనం వాడాను. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ పిల్లల సర్వేకు వాడుతున్నది అదే. అందులో అక్షరాలు, పదాలు, 1వ తరగతి స్థాయి పేరా, 2వ తరగతి స్థాయి కథ అని మెట్లుంటాయి. దాన్ని వివరించే అవసరం లేదు, పేరు చెబితే చదివేవాళ్లకు మెట్లన్నీ తెలుస్తాయి. పదాలు మిగలడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. మీరు సొంతంగా తయారుచేసిన పరీక్ష వాడి ఉంటే మాత్రం అందులో ఏముందో చెప్పడానికి ఐదారు పదాలు కేటాయించక తప్పదు.

మధ్యలో వెళ్లిపోయినవాళ్లను దాచకండి. మా మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే వెళ్లిపోతాయి. అందుకే నేను చదువును ఆగస్టులో మొదలుపెట్టి, సంక్రాంతికి చాలా ముందే చివరి పరీక్ష పెట్టాను. అయినా ఒక బిడ్డ వెళ్లిపోయింది. పదిమందితో మొదలై ఫలితాల్లో తొమ్మిదిమంది కనిపిస్తే, ఆ ఒక్కరు ఎక్కడ అని చదివేవాళ్లు వెతుకుతారు. "ఒకరు వలస వెళ్లగా" అన్న మూడు మాటలతో ఆ ప్రశ్న తీరిపోతుంది. మెట్టు ఎక్కని ఇద్దరి గురించి కూడా రాశాను. వాళ్ల హాజరు సగం కన్నా తక్కువ. అది రాయడం వల్ల పని బలహీనపడలేదు. పద్ధతి ఎవరి దగ్గర ఆగిపోతుందో తెలిసింది.

నేర్పిన పిల్లల సంగతి చాలామంది మర్చిపోతారు. చదివేవాళ్ల మొదటి సందేహం, పెద్ద పిల్లల సొంత చదువు దెబ్బతినదా అనే. తల్లిదండ్రుల సందేహమూ అదే. 1982లో కోహెన్, కులిక్‌లు 65 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు నేర్చుకున్నవాళ్లతో పాటు నేర్పినవాళ్లు కూడా లాభపడినట్టు తేలింది. కానీ సారాంశంలో ఆ అధ్యయనాన్ని కాకుండా మీ పిల్లలనే చూపించండి. నేను మొదట్లో, చివర్లో పెద్ద పిల్లలకు చూడని ఒక పాఠం ఇచ్చి ప్రశ్నలు అడిగాను. పదిమందిలో ఆరుగురు మెరుగుపడ్డారు, మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు, ఎవరూ తగ్గలేదు. మీరు ఇలాంటిది కొలవకపోయి ఉంటే, ఆ ఇరవై నిమిషాలు వాళ్ల ఏ పీరియడ్ నుంచి తీసుకున్నారో అయినా రాయండి.

ఇక ఒక్క గది, ఒక్క టీచరు, పోల్చడానికి మరో బృందం లేదు. మూడు నెలల్లో పిల్లలు మామూలుగా కూడా కొంత ఎదుగుతారు. కాబట్టి "జోడీ చదువు వల్ల పఠన సామర్థ్యం పెరిగింది" అని రాయలేం. "జోడీ చదువు నడిచిన 12 వారాల్లో ఇంతమంది ఇన్ని మెట్లు ఎక్కారు" అని రాయగలం. ఈ పరిమితిని ఒక వాక్యంలో మీరే చెప్పేస్తే, ఎంపిక చేసేవాళ్లు దానికోసం మార్కులు కోయరు. చెప్పకుండా గట్టిగా ఫలితం ప్రకటించిన సారాంశాలనే మా బృందం పక్కన పెట్టింది.

ఇప్పుడు మాటల సంగతి. విషయం తేలాక కూడా నలభై యాభై పదాలు మిగులుతాయి, అవి ఎక్కువగా మన ఆఫీసు తెలుగులోనే దాగి ఉంటాయి. "పరీక్ష నిర్వహించడం జరిగింది" మూడు పదాలు, "పరీక్షించాను" ఒక్కటి. "సదరు విద్యార్థుల యొక్క పఠనా సామర్థ్యాన్ని మెరుగుపరచడం అనే ఉద్దేశంతో" అంటే ఎనిమిది, "వాళ్లు చదవగలగాలని" అంటే రెండు. "వలస వెళ్లిన తర్వాత" బదులు "వలస వెళ్లాక" చాలు. జరిగింది, చేయబడింది, యొక్క, అనేది, సంబంధించి, ద్వారా అన్నవి కనిపించినచోటల్లా ఒకసారి ఆగి చూడండి. సర్క్యులర్లు రాసీ చదివీ ఈ అలవాటు మనకు పట్టుకుంది. "నేను" అని రాయడానికి కొందరు సంకోచిస్తారు. పని చేసింది మీరే అయినప్పుడు "చదివించాను" అన్నదే సూటిగా ఉంటుంది, పొట్టిగానూ ఉంటుంది. ఖాళీలు తీసేసి పదాలను అతికించడం మాత్రం చేయకండి. "పదిమందిలో", "జతచేసి" లాంటివి మామూలుగానే కలిపి రాస్తాం. "పెద్దపిల్లలుచిన్నపిల్లలకు" అని రాస్తే చదివేవాళ్లకు చిరాకు, లెక్క కోసం చేశారని ఇట్టే తెలిసిపోతుంది.

ఫారం లెక్కను వర్డ్ లెక్కతో పోల్చి చూసుకోండి. వర్డ్ ఖాళీలను బట్టి లెక్కిస్తుంది. కొన్ని వెబ్ ఫారాలు ఇంగ్లిషు అక్షరాల కోసం తయారైనవి, తెలుగు గుణింతాల దగ్గర పదాన్ని విడగొట్టి ఒకదాన్ని రెండు మూడుగా చూస్తాయి. సరిగ్గా పది పదాలున్న ఒక వాక్యాన్ని ఫారంలో పెట్టి అది ఎంత చూపిస్తుందో గమనించండి. పది కాకుండా మరేదో వస్తే మీ సారాంశాన్ని ఇంకా కోయకండి, నిర్వాహకులకు రాయండి. శీర్షిక, కీలక పదాలు లెక్కలోకి వస్తాయో లేదో కూడా అప్పుడే అడిగేయండి.

నేను చివరికి పంపిన రూపం ఇది:

"ఒకే ఉపాధ్యాయుడు మూడు తరగతులకు ఒకేసారి బోధించే గదిలో చదవడం రాని పిల్లలకు విడిగా సమయం దొరకదు. 21 మంది ఉన్న అలాంటి గదిలో, కథ చదవగలిగిన 10 మంది 4-5 తరగతుల పిల్లలను చదవలేని 10 మందితో జతచేసి, 12 వారాలపాటు రోజూ 20 నిమిషాలు తెలుగు చదివించాను. పఠన స్థాయి ప్రకారం రెండు వరుసలు చేసి, ఒకే స్థానంలో ఉన్నవారిని జతకట్టాను. తడబడినచోట నేర్పేవారు ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగి, పదం చెప్పి, వాక్యాన్ని మొదటినుంచి చదివించేలా ముందే శిక్షణ ఇచ్చాను. ఆ వేళ రోజుకు రెండు జోడీల పక్కన కూర్చుని తప్పులు నమోదు చేశాను. అసర్ పఠన సాధనంతో మొదట, చివర పరీక్షించాను. ఒకరు వలస వెళ్లగా, మిగిలిన 9 మందిలో ఏడుగురు ఒకటి లేదా రెండు మెట్లు ఎక్కారు. ముగ్గురు కథ దాకా చేరారు. కదలని ఇద్దరి హాజరు సగం కన్నా తక్కువ. నేర్పిన పదిమందిలో ఆరుగురు అవగాహన ప్రశ్నలకు మునుపటికంటే ఎక్కువ సరైన జవాబులిచ్చారు. మిగతావారిలో తగ్గుదల లేదు. పోల్చడానికి వేరే బృందం లేనందున ఈ మార్పంతా జోడీ చదువు వల్లే అనలేను. అదనపు సిబ్బంది, సామగ్రి లేకుండా కాలపట్టికలో జోడీ చదువును ఎలా ఇమడ్చవచ్చో, జతలు ఎక్కడ చెడతాయో, వాటిని ఎప్పుడు మార్చాలో ఈ పత్రం చర్చిస్తుంది."

ఇది 137 పదాలు. మిగిలిన పదమూడు కావాలనే వదిలాను. నిర్వాహకులు ఏదైనా చేర్చమంటే చోటుండాలి. చూడండి, ఇందులో నేపథ్యానికి 13 పదాలే వెళ్లాయి. పద్ధతికి 62, ఫలితాలకు 34. మీ 300 పదాల ప్రతిలో ఒక్కో వాక్యం పక్కన అది నేపథ్యమా, పద్ధతా, ఫలితమా అని పెన్సిలుతో గుర్తుపెట్టి లెక్కేయండి. ఎక్కడ ఉబ్బిందో మీకే కనిపిస్తుంది.

బడి పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు సారాంశంలో రాయకండి. చాలా సదస్సుల్లో రాసినవారెవరో తెలియకుండా చదివి ఎంపిక చేస్తారు, పేర్లు కనిపిస్తే కొన్నిచోట్ల అక్కడే ఆపేస్తారు. శీర్షికలో మాత్రం "3-5 తరగతులు", "ఒకే గది", "చదవడం" అన్న మూడూ ఉండేలా చూసుకోండి. "తోటి పిల్లల బోధన: ఒక అధ్యయనం" అని పెడితే, లెక్కలో జోడీ చదువు గురించి వినాలనుకున్నవాళ్లు, హైస్కూలు టీచర్లు కూడా మీ గదికి వచ్చి నిరాశపడతారు.

"నేర్పిస్తున్నాను" అన్నారు కాబట్టి మీ జతలు ఇంకా నడుస్తున్నట్టున్నాయి. చివరి పరీక్ష పెట్టకపోతే, సారాంశం పంపేముందే పెట్టేయండి. పరీక్షించేటప్పుడు జతలో ఉన్న పెద్ద బిడ్డను పక్కన కూర్చోనివ్వకండి, మొదట వాడిన పేరా కాకుండా అదే స్థాయిలో మరో నమూనా తీసుకోండి. పంపే గడువులోపు పరీక్ష వీలుకాకపోతే, ఫలితాల వాక్యం దగ్గర మొదటి పరీక్ష అంకెలు మాత్రమే ఇచ్చి, చివరి అంకెలు సదస్సులో చూపుతానని రాయండి. చాలామంది నిర్వాహకులు దాన్ని ఒప్పుకుంటారు. మీ ప్రతిలో పద్ధతి గురించిన భాగాన్ని ఇక్కడ పెడితే, ఏ పదాలు తీయవచ్చో వాక్యం వారీగా చూసి చెబుతాను.